శనివారం సాయంత్రం రావాల్సిన రిమైండర్ అర్ధరాత్రి వస్తుంటే (నా అనుభవం)

ఆదివారం ఉదయం షటిల్ ఆటకి మా టెలిగ్రామ్ గ్రూపులో బాట్ శనివారం రాత్రి 7కి గుర్తుచేయాలి. మెసేజ్ మాత్రం అర్ధరాత్రి 12:30కి వచ్చేది, పాపం నిద్రపోయేవాళ్ల ఫోన్లు మోగేవి. టోకెన్ మార్చాను, బాట్‌ని తీసేసి మళ్లీ చేర్చాను, ఫలితం లేదు.

చివరికి సర్వర్‌లో `date` కొట్టి చూస్తే చివర `UTC` అని కనిపించింది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే నేను రాసిన 19:00 మనకి అర్ధరాత్రి దాటాక 12:30. అందుకే 7 గంటల్లోంచి ఐదున్నర తీసేసి, `crontab -e` తెరిచి లైను ఇలా మార్చాను:

```
30 13 * * 6 /home/club/remind.sh
```

చివరి 6 అంటే శనివారం. ముందు ఐదు నిమిషాల తర్వాతి టైమ్ పెట్టి, మెసేజ్ వచ్చాకే అసలు టైమ్ పెట్టాను. మూడు వారాలుగా సరిగ్గా 7కే వస్తోంది.

మీ సర్వర్ ఇప్పటికే `IST` చూపిస్తుంటే కారణం వేరే ఉంటుంది. అమెరికాలాంటి చోట ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు కాబట్టి, అక్కడి క్లబ్బుకి ఈ లెక్క నిలవదు.