దిగిన తరువాత, ఎక్కిన తరువాత

కథనం సాగదీసినట్లు అనిపిస్తే, ఒక వాక్యం చివరి క్రియ తరువాతి వాక్యం మొదట్లో మళ్లీ వస్తోందేమో చూడండి. "సుబ్బయ్య ఒంగోలులో బస్సు దిగాడు. దిగిన తరువాత ఆటో ఎక్కాడు. ఆ విధంగా ఆటో ఎక్కిన తరువాత కొత్తపట్నం చేరుకున్నాడు" అని రాసినచోట, జరిగిన వరుసను అసమాపక క్రియలే తెలుపుతాయి గనుక, "సుబ్బయ్య ఒంగోలులో బస్సు దిగి, ఆటో ఎక్కి కొత్తపట్నం చేరుకున్నాడు" అంటే సరిపోతుంది. ఆటోలో ఏమీ జరగనప్పుడు, నిజానికి ఆ ఆటో కూడా అక్కరలేదు. అయితే ఇటువంటి క్రియలు మూడు దాటితే వాక్యాన్ని విరవడం మేలు. మధ్యలో రాత్రి గడిచి ఉంటే మాత్రం "మరునాడు" అన్న మాటను తీయకూడదు. తీస్తే సుబ్బయ్య కొత్తపట్నం ఎప్పుడు చేరుకున్నాడో పాఠకుడికి అర్థం కాదు.