గోదాములో సైకిల్ కౌంట్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

☐ లెక్కించబోయే బిన్‌పై పెండింగ్ పికింగ్, పుట్‌అవే టాస్కులు ఉన్నాయేమో ముందు చూడండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఉదాహరణకు A-03-02 బిన్‌లో సిస్టమ్ 48 పెట్టెలు చూపిస్తోంది. పికర్ 12 తీసుకెళ్లాడు కానీ ఇంకా కన్ఫర్మ్ చేయలేదు. మీరు లెక్కిస్తే 36 వస్తుంది. 12 తక్కువని సర్దుబాటు పోస్ట్ చేస్తారు. తర్వాత అతను కన్ఫర్మ్ చేయగానే సిస్టమ్‌లో 24 మిగులుతుంది, ర్యాక్‌లో మాత్రం 36 ఉంటాయి. అప్పుడు పుట్‌అవే రూల్ ఆ బిన్‌లో చోటుందనుకుని కొత్త సరుకు అక్కడికే పంపుతుంది. అందుకే టాస్కులన్నీ ముగించి, కౌంట్ పోస్ట్ అయ్యేదాకా బిన్‌ను బ్లాక్ చేయండి.

☐ లెక్కించే వ్యక్తికి సిస్టమ్ సంఖ్య కనిపించకూడదు. 48 అని ముందే తెలిస్తే, కన్ను 48 దగ్గరే ఆగిపోతుంది.

☐ పెట్టెల్లోనా, పీసుల్లోనా ఎంట్రీ చేయాలో షీటు మీదే రాసివ్వండి.

☐ తేడా వస్తే వెంటనే పోస్ట్ చేయకండి. పక్క బిన్లు, కింది అర కూడా చూడండి. చాలాసార్లు సరుకు పోయి ఉండదు, పక్క బిన్‌లో పెట్టేసి ఉంటారు. తర్వాత ఇంకొకరితో మళ్లీ లెక్కించండి.