జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ ఆర్‌ఓసీని బట్టి సిస్టమ్ కాజాలిటీ, స్టెబిలిటీ తేల్చడం ఎలా?

ఒక డిస్క్రీట్ సిస్టమ్‌కు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఇదీ అని రాసిచ్చి, ఇది స్టేబుల్ అవునా కాదా చెప్పమంటే చాలామంది వెంటనే పోల్స్ ఎక్కడున్నాయో చూస్తారు. ఒక్క పోల్ యూనిట్ సర్కిల్ బయట కనిపించినా, స్టేబుల్ కాదని రాసేస్తారు. ఆ జవాబు కొన్నిసార్లు సరైనదే అవుతుంది, కానీ ఎప్పుడు సరైనదో తెలియాలంటే ఆ ఫంక్షన్ పక్కనే రాయవలసిన మరో విషయం ఉంది. దానినే అభిసరణ ప్రాంతం అంటారు. క్లాసులో అందరూ ఆర్‌ఓసీ అని పిలుస్తారు. కింద ఒకే ఫంక్షన్‌ను తీసుకుని, ఆర్‌ఓసీ మారితే అదే ఫంక్షన్ మూడు వేర్వేరు సిస్టమ్‌లు ఎలా అవుతుందో మొదటి నుంచి చివరి వరకు చేసి చూద్దాం.

```
H(z) = 1 / (1 − 2.5z⁻¹ + z⁻²)
y[n] = 2.5y[n−1] − y[n−2] + x[n]
```

ముందుగా: ఒకే ఫార్ములాకు రెండు సీక్వెన్స్‌లు ఎలా వస్తాయి?

జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ అంటే `h[n]z⁻ⁿ` పదాలన్నిటినీ n = −∞ నుంచి ∞ వరకు కూడడం. ఆ మొత్తం ఏ z విలువలకు సంపూర్ణంగా అభిసరిస్తుందో, అంటే పదాల పరిమాణాలను కూడినా పరిమితంగా ఉంటుందో, ఆ విలువల సమూహమే ఆర్‌ఓసీ. పరిమాణమే లెక్కలోకి వస్తుంది కాబట్టి z ఏ దిక్కున ఉందన్నది ముఖ్యం కాదు, మూలబిందువు నుంచి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం. అందుకే ఆర్‌ఓసీ ఎప్పుడూ మూలబిందువు చుట్టూ వలయంగా వస్తుంది.

ఇప్పుడు `2ⁿu[n]` తీసుకోండి. దీని మొత్తం `1/(1 − 2z⁻¹)`. అయితే అది |z| > 2 అయినప్పుడే. z = 3 పెడితే 1 + 2/3 + 4/9 + … అని సాగి 3 వస్తుంది, ఫార్ములా కూడా 3 అనే చెబుతుంది. అదే z = 1 పెడితే 1 + 2 + 4 + 8 + … అని మొత్తం అంతులేకుండా పెరిగిపోతుంది, ఫార్ములా మాత్రం −1 అంటుంది. అన్నీ ధన సంఖ్యలైన మొత్తానికి −1 ఎక్కడి నుంచి వచ్చిందని తికమక పడవలసిన పని లేదు. అది మరో సీక్వెన్స్‌కు చెందిన సమాధానం. `−2ⁿu[−n−1]` అనే ఎడమవైపు సీక్వెన్స్‌ను z = 1 వద్ద కూడితే −(1/2 + 1/4 + 1/8 + …) వస్తుంది, అది సరిగ్గా −1. ఈ రెండో సీక్వెన్స్‌కూ ఫార్ములా `1/(1 − 2z⁻¹)`యే, కానీ అది |z| < 2 ఉన్నచోట మాత్రమే చెల్లుతుంది. ఈ ఒక్క ఉదాహరణ చేతితో రాసి చూసుకున్నవారికి ఆర్‌ఓసీ ఎందుకు రాయాలన్న ప్రశ్న మళ్లీ రాదు.

1వ మెట్టు: పోల్స్ కనుక్కుని వలయాలు గీయండి

హారాన్ని `(1 − 0.5z⁻¹)(1 − 2z⁻¹)` అని విడగొట్టవచ్చు. కాబట్టి పోల్స్ 0.5 వద్ద, 2 వద్ద ఉన్నాయి. పోల్ వద్ద మొత్తం అభిసరించదు కనుక ఆర్‌ఓసీ లోపల పోల్ ఉండకూడదు. అందువల్ల ప్రతి పోల్ గుండా మూలబిందువు కేంద్రంగా ఒక వృత్తం గీస్తే, ఆ వృత్తాలే ఆర్‌ఓసీకి సరిహద్దులవుతాయి. మనకు మూడే మూడు అవకాశాలు మిగులుతాయి: |z| > 2, లేదా 0.5 < |z| < 2, లేదా |z| < 0.5. ఈ బొమ్మ మీదే యూనిట్ సర్కిల్‌ను కూడా చుక్కల గీతతో గీసుకోండి, తర్వాత అవసరమవుతుంది.

2వ మెట్టు: పార్షియల్ ఫ్రాక్షన్లుగా విడగొట్టండి

```
H(z) = (−1/3)/(1 − 0.5z⁻¹) + (4/3)/(1 − 2z⁻¹)
```

ఆర్‌ఓసీ ఏదైనా ఈ విభజన మారదు. మారేదల్లా ప్రతి భాగం నుంచి కుడివైపు సీక్వెన్స్ తీసుకోవాలా, ఎడమవైపు తీసుకోవాలా అన్నదే. ఆర్‌ఓసీ ఒక పోల్ వృత్తానికి బయట ఉంటే ఆ పోల్ కుడివైపు సీక్వెన్స్‌ను ఇస్తుంది, లోపల ఉంటే ఎడమవైపు సీక్వెన్స్‌ను ఇస్తుంది. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. ఎడమవైపు సీక్వెన్స్ రాసేటప్పుడు ముందు రుణ గుర్తు పెట్టడం మరిచిపోతారు.

3వ మెట్టు: మూడు సిస్టమ్‌లనూ రాసి చూడండి

|z| > 2 అయితే రెండు పోల్స్‌కూ బయట ఉన్నాం. అప్పుడు `h[n] = (−1/3)(0.5)ⁿu[n] + (4/3)2ⁿu[n]`. విలువలు 1, 2.5, 5.25, 10.625 అని సాగుతాయి. n = 0 కంటే ముందు ఏమీ లేదు కాబట్టి ఇది కాజల్ సిస్టమ్, అంటే ఇన్‌పుట్ రాకముందే అవుట్‌పుట్ ఇవ్వని సిస్టమ్. కానీ విలువలు ప్రతి అడుగుకూ సుమారు రెట్టింపు అవుతున్నాయి కనుక స్టేబుల్ కాదు.

0.5 < |z| < 2 అయితే 0.5 పోల్‌కు బయట, 2 పోల్‌కు లోపల ఉన్నాం. అప్పుడు మొదటి భాగం కుడికి, రెండో భాగం ఎడమకు సాగుతాయి: `h[n] = (−1/3)(0.5)ⁿu[n] − (4/3)2ⁿu[−n−1]`. విలువలు వేసి చూస్తే n = −1 వద్ద −2/3, దాని రెండు పక్కలా −1/3, ఆపైన −1/6 అని రెండు వైపులా సమానంగా సగమవుతూ పోతాయి. అంటే దీనిని `h[n] = −(2/3)(0.5)^|n+1|` అని ఒక్క ముక్కలో రాయవచ్చు. పరిమాణాలన్నీ కూడితే సరిగ్గా 2 వస్తుంది. మొత్తం పరిమితం కనుక సిస్టమ్ స్టేబుల్, కానీ n = −1 వద్దే స్పందన ఉంది కనుక కాజల్ కాదు.

|z| < 0.5 అయితే అంతా ఎడమవైపే. n = −2 వద్ద 1, n = −3 వద్ద 2.5, అలా వెనక్కి వెళ్లేకొద్దీ విలువలు పెరిగిపోతాయి. ఇది కాజల్ కాదు, స్టేబుల్ కూడా కాదు.

4వ మెట్టు: స్టెబిలిటీకి యూనిట్ సర్కిల్‌ను అడగండి

ఇన్‌పుట్ హద్దులో ఉన్నంతకాలం అవుట్‌పుట్ కూడా హద్దులో ఉండాలంటే |h[n]| విలువల మొత్తం పరిమితంగా ఉండాలి. |z| = 1 అయినప్పుడు `|h[n]z⁻ⁿ|` అంటే |h[n]| తప్ప మరేమీ కాదు. కాబట్టి యూనిట్ సర్కిల్ మీద జెడ్-ట్రాన్స్‌ఫార్మ్ సంపూర్ణంగా అభిసరించడమూ, సిస్టమ్ స్టేబుల్ కావడమూ ఒకే మాట. ఇందాక గీసిన చుక్కల గీత పూర్తిగా ఆర్‌ఓసీలో పడితే స్టేబుల్, పడకపోతే కాదు. మన మూడు వలయాల్లో మధ్యది ఒక్కటే దానిని కలుపుకుంటుంది.

పోల్ సరిగ్గా యూనిట్ సర్కిల్ మీదే ఉంటే ఏ ఆర్‌ఓసీ ఎంచుకున్నా స్టెబిలిటీ రాదు. `y[n] = y[n−1] + x[n]` దీనికి మంచి ఉదాహరణ. ఇంపల్స్ ఇస్తే అవుట్‌పుట్ 1 దగ్గరే నిలిచి అమాయకంగా కనిపిస్తుంది, కానీ ప్రతిసారీ 1 ఇస్తూ పోతే 1, 2, 3 అని ఆగకుండా ఎక్కుతుంది.

5వ మెట్టు: కాజాలిటీకి అనంతాన్ని అడగండి

ఆర్‌ఓసీ అన్నిటికంటే బయటి పోల్‌కు అవతల ఉంటే సీక్వెన్స్ కుడివైపుది అని మాత్రమే తెలుస్తుంది. కాజల్ అని చెప్పాలంటే z = ∞ కూడా ఆర్‌ఓసీలో ఉండాలి. `z²/(z − 0.5)` చూడండి. ఆర్‌ఓసీ |z| > 0.5 అని రాసినా, z పెరిగేకొద్దీ ఇది కూడా పెరిగిపోతుంది, అంటే అనంతం ఇందులో లేదు. దీని ఇంపల్స్ రెస్పాన్స్ n = −1 వద్ద 1తో మొదలవుతుంది. z ఘాతాల్లో చూసినప్పుడు లవం డిగ్రీ హారం డిగ్రీని మించకూడదన్న నియమం ఇక్కడి నుంచి వచ్చినదే.

4, 5 మెట్లను కలిపితేనే మొదట చెప్పిన అలవాటు జవాబు ఎప్పుడు సరైనదో తేలుతుంది. సిస్టమ్ కాజల్ అని ముందే తెలిస్తే ఆర్‌ఓసీ బయటి పోల్‌కు అవతల మొదలవుతుంది, అందులో యూనిట్ సర్కిల్ ఉండాలంటే పోల్స్ అన్నీ దాని లోపలే ఉండాలి. కాజల్ అని చెప్పకుండా పోల్స్‌ను మాత్రమే చూసి తీర్పు ఇస్తే అది ఊహ అవుతుంది.

6వ మెట్టు: కంప్యూటర్ ఏ ఆర్‌ఓసీని ఎంచుకుందో గమనించండి

```python
from scipy.signal import lfilter
x = [1] + [0]*20
h = lfilter([1], [1, -2.5, 1], x)
print(h[:4], h[20])
```

ఇది 1, 2.5, 5.25, 10.625 ఇచ్చి, 20వ స్థానంలో దాదాపు 13,98,101 చూపిస్తుంది. కోఎఫిషియంట్లు ఇచ్చామే తప్ప ఆర్‌ఓసీ ఎక్కడా ఇవ్వలేదు. `lfilter` ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి |z| > 2 అని తనంతట తానే తీసుకుంది.

మనకు స్టేబుల్ సిస్టమ్ కావాలనుకుందాం. సిగ్నల్ ముందే రికార్డయి ఫైల్‌లో ఉంటే ఇబ్బంది లేదు. 0.5 పోల్ భాగాన్ని మామూలుగా ముందుకు నడిపి, 2 పోల్ భాగాన్ని చివరి శాంపిల్ నుంచి వెనక్కి నడపాలి:

```
v[n] = 0.5v[n−1] + x[n]
w[n] = 0.5w[n+1] − 0.5x[n+1]
y[n] = −(1/3)v[n] + (4/3)w[n]
```

వెనక్కి నడిచేటప్పుడు 2తో గుణించడం బదులు 0.5తో గుణిస్తున్నాం కనుక రెండు దిశల్లోనూ పొరపాట్లు తగ్గుతూ పోతాయి. సిగ్నల్ అప్పటికప్పుడు వస్తున్నదైతే భవిష్యత్తు శాంపిల్స్ దొరకవు, కాబట్టి ఎడమ తోకను కొంత దూరం వరకు ఉంచి, మిగతాది కత్తిరించి, మొత్తాన్ని ఆలస్యంగా ఇవ్వాలి. n = −11 వరకు ఉంచితే పోయిన తోక పరిమాణం మొత్తం (2/3)/1024, అంటే సుమారు 0.00065. అందుకు చెల్లించే మూల్యం 11 శాంపిల్స్ ఆలస్యం. సెకనుకు 8000 శాంపిల్స్ ఉంటే అది 1.375 మిల్లీసెకన్లు.

7వ మెట్టు: కొట్టివేసిన పోల్‌ను వదిలిపెట్టకండి

లవంలో `(1 − 2z⁻¹)` చేరిందనుకోండి. హారంలోని అదే కారణాంకంతో అది కొట్టుకుపోయి `1/(1 − 0.5z⁻¹)` మిగులుతుంది, కాజల్ ఆర్‌ఓసీ |z| > 0.5 అవుతుంది, కాగితం మీద సిస్టమ్ స్టేబుల్. కానీ ప్రోగ్రామ్‌లో ఇంకా రెండో డిగ్రీ సమీకరణమే నడుస్తుంటే 2 పోల్ లోపలే దాగి ఉంటుంది. ఈ ఉదాహరణలో ఇంపల్స్ పరీక్ష కూడా దానిని పట్టదు, 0.5, 2.5, 2 బైనరీలో కచ్చితంగా ఇముడుతాయి కనుక రౌండింగ్ పొరపాటే పుట్టదు, అవుట్‌పుట్ బుద్ధిగా సగమవుతూ పోతుంది. అందుకని ఇన్‌పుట్‌ను సున్నాగా ఉంచి, y[−1] = 0.001, y[−2] = 0 అని తొలి విలువలు మాత్రం ఇచ్చి నడిపి చూడండి. 20వ శాంపిల్ దగ్గర అవుట్‌పుట్ 2796 దాటుతుంది. ఆర్‌ఓసీ ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య ఉన్న సంబంధాన్ని మాత్రమే చెబుతుంది, లోపలి మెమరీలో ఏం పెరుగుతోందో చెప్పదు. కాబట్టి కొట్టివేత చేసినప్పుడు ప్రోగ్రామ్‌లోని సమీకరణాన్ని కూడా `y[n] = 0.5y[n−1] + x[n]`గా తగ్గించి రాయాలి.