ఫోన్‌లో పేరు స్పెల్లింగ్ చెప్పడం, 3వ పాఠం: విస్కీ అంటే వి రాసుకున్నారట

పోయినసారి ఒక్కో ఇంగ్లీష్ అక్షరానికి ఒక గుర్తుపదం చొప్పున ఆల్ఫా నుంచి జులు దాకా 26 పదాల లిస్ట్ ఇచ్చి, ఎవరికైనా ఫోన్ చేసి ఒక పేరు చెప్పి చూడండి అన్నాను కదా. ఈసారి ఇంటిపేరు, అసలు పేరు కలిపి చెప్పడం చేద్దామనుకున్నా, కానీ మీ రిజల్ట్స్ చూశాక అది పక్కన పెట్టేశా. ఒకాయన వెంకటేశ్వర్లు అనే పేరు చెప్తే అవతల కాగితం మీద ఇది పడిందట:

```
చెప్పింది:   VENKATESWARLU
రాసుకుంది:  VENKATESVARLY
```

ఇంకొకరికి ఇంకా ఘోరం, అవతలి మనిషి "విక్టర్ ఎకో నవంబర్" అని పదాలకి పదాలే రాసేసుకుని "మీ పేరు చాలా పొడుగండీ" అన్నారట. ఈ రెండోది మీ తప్పు కాదు, నాదే, ఫోన్‌లో మొదట ఏం చెప్పాలో నేను రాయలేదు, అందరికీ తెలిసిందేలే అనుకున్నా. "ఒక్కో అక్షరం చెప్తా, పక్కన గుర్తుకి ఒక పదం చెప్తా, మీరు అక్షరం మాత్రమే రాయండి" అని మొదలెట్టండి, అంతే, ఆ గొడవ అక్కడితో అయిపోతుంది.

మొదటిదే అసలు సంగతి. చూడండి, 13 అక్షరాల్లో 11 కరెక్ట్‌గానే వెళ్ళాయి. తప్పినవి రెండు, డబ్ల్యూ బదులు వి పడింది, యు బదులు వై పడింది. ఇది గోల వల్ల అనుకున్నారు ఆయన, కాదు. డబ్ల్యూకి చెప్పిన విస్కీ స్పష్టంగా వినపడింది, యుకి చెప్పిన యూనిఫామ్ కూడా వినపడింది, అవతలి మనిషికి లిస్ట్ తెలీదు కాబట్టి చెవికి ఏ చప్పుడు ముందు తగిలిందో దానికి తోచిన అక్షరం రాసుకున్నారు. మన చెవికి విక్టర్‌లో ఉన్నదీ "వి"నే, విస్కీలో ఉన్నదీ "వి"నే. యూనిఫామ్, యాంకీ రెండూ "య"తోనే మొదలవుతాయి. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో వేరేగా ఉన్నా తెలుగు నోట్లో పడ్డాక ఒకటే అయిపోతాయి.

అసలీ లిస్ట్ తయారైంది విమానాల వాళ్ళ కోసం. అక్కడ పైలట్‌కీ కంట్రోలర్‌కీ ఇద్దరికీ 26 పదాలూ కంఠస్థం, అందుకని పదం సగం వినపడినా మిగతా సగం బుర్రే పూరిస్తుంది, "...యాంగో" అని మాత్రమే వినపడినా ట్యాంగో తప్ప ఇంకోటి కాదు కాబట్టి టి రాసుకుంటారు. 1951 నాటి లిస్ట్‌లో ఎన్‌కి నెక్టర్ అని ఉండేది, అది విక్టర్‌తో కలిసిపోతోందని తేలి 1956లో నవంబర్ పెట్టారు. అంటే ట్రైనింగ్ ఉన్నవాళ్ళకే జతలు కలిసిపోయాయి, మన ఫోన్ ఎత్తినవాళ్ళు ఎంత చెప్పండి.

మనం లిస్ట్ మార్చక్కర్లేదు. నేను కూర్చుని తెలుగు చెవితో 26 పదాలూ విని చూస్తే నన్ను భయపెట్టినవి ఆరు జతలే. విక్టర్-విస్కీ, యూనిఫామ్-యాంకీ చెప్పేశా. జూలియెట్-జులు మూడోది, జె కి, జెడ్ కి రెంటికీ మనం "జు" అనే అంటాం కదా, ఇది విక్టర్-విస్కీ కన్నా మోసం. ఆల్ఫా-ఆస్కార్ ఇంకోటి, ఆస్కార్‌ని "ఆ"తోనే పలుకుతాం కాబట్టి ఓ బదులు ఏ పడుతుంది, పేర్లలో ఏ, ఓ రెండూ ఎక్కువే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కిలో-క్యుబెక్, ఎకో-ఎక్స్‌రే మిగతావి, క్యూ, ఎక్స్ ఉన్న పేర్లు తక్కువ కాబట్టి అవి తగిలినప్పుడు చూసుకుందాం.

ఈ పన్నెండు పదాలకీ మందు ఒకటే, పదం ముందు అక్షరం పేరు కూడా చెప్పడం. "విస్కీ" అని వదిలేయకుండా "డబ్ల్యూ, విస్కీ". "యూనిఫామ్" కాదు, "యు, యూనిఫామ్". రేడియో వాళ్ళు వింటే నవ్వుతారు, వాళ్ళకి పదం ఒక్కటే చాలు, కానీ మన అవతల ఉన్నది రేడియో మనిషి కాదు. మధ్యలో "ఫర్" మాత్రం పెట్టకండి, "బి ఫర్ బ్రేవో" అన్నప్పుడు ఆ ఫర్ అంకెల్లో నాలుగులా వినపడుతుంది, పేరుకైతే ఏదోలా నడుస్తుంది గానీ రేపు అంకెలు కలిసిన నంబర్ చెప్పేటప్పుడు ఆ అలవాటే కొంప ముంచుతుంది. అక్షరం ముందు చెప్పడంలో ఇంకో లాభం కూడా ఉంది. స్పీకర్ ఫోన్లలో కాసేపు ఆగి మళ్ళీ మాట్లాడినప్పుడు మొదటి చప్పుడు ఒక్కోసారి కట్ అవుతుంది, అక్షరం ముందు ఉంటే పోయేది అదే, గుర్తుపదం పూర్తిగా చేరుతుంది. నేనైతే 26కీ ఇలాగే చెప్తాను, ఏది ఏ జతో ఫోన్‌లో ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఇక నాకు ఒళ్ళు మండే తప్పు ఒకటుంది, మీలో సగం మంది అదే చేశారు. "కాదు", "లేదు" అని చెప్పడం.

వెంకటేశ్వర్లు పేరునే తీసుకోండి. కొందరు ఎస్ తర్వాత హెచ్ పెడతారు, కొందరు పెట్టరు. పెట్టనివాళ్ళు ఏం చేస్తారంటే, పాపం జాగ్రత్త కోసమే, "ఎస్ తర్వాత హెచ్ లేదండీ" అంటారు. ఇప్పుడు పక్కన హారన్ మోగింది, లేదా సిగ్నల్ ఒక్క క్షణం పోయింది. అవతల ఏం వినపడింది? "ఎస్ తర్వాత హెచ్...". శుభ్రంగా హెచ్ రాసుకున్నారు. మీరు ఆ మాట ఎత్తకపోతే వాళ్ళకి హెచ్ సంగతే గుర్తుకొచ్చేది కాదేమో! తెలుగులో లేదు, కాదు అన్నవి వాక్యం చివర్లో వస్తాయి, గొంతు దిగిపోయేదీ, గాలి అయిపోయేదీ అక్కడే, కాబట్టి గోలలో ముందు పోయేది ఆ "లేదు"నే. "బి కాదు, డి" అన్నా అంతే, ఒకేలా వినిపించే రెండు అక్షరాలు పక్కపక్కన చెప్పి మధ్యలో ఉన్న కీలకమైన ముక్క ఎగిరిపోతే అవతలి మనిషి ఏది పట్టుకోవాలి? "వి కాదు, డబ్ల్యూ" అంటే అవతలి మనిషికి వి వినపడింది, అది కాగితం మీద పడటానికి అంతే చాలు. నేనూ ఒకప్పుడు తెలివిగా "ఎం తిరగేస్తే వస్తుంది చూడండి, ఆ అక్షరం" అని డబ్ల్యూ గురించి చెప్పేవాణ్ణి, ఎం రాసుకున్నారు. అప్పట్నుంచీ నా రూల్ ఒకటే, పేరులో లేని అక్షరం నా నోట్లోంచి ఫోన్‌లో రాకూడదు. లేనిదాన్ని లేదని చెప్పడానికి దారి లేదా అంటే ఉంది, లెక్క. "మొత్తం పదమూడు అక్షరాలు" అని ముందే చెప్పండి. హెచ్ దూరితే పద్నాలుగవుతుంది, వాళ్ళే "ఒకటి ఎక్కువొచ్చిందండీ" అంటారు. ఒక అక్షరం బదులు ఇంకోటి పడితే మాత్రం లెక్క పట్టుకోలేదు, 13కి 13 సరిపోతాయి, దానికి వేరే చెకింగ్ చేయాలి.

ఇప్పుడు అదే పేరు మొదట్నుంచి చెప్దాం. నేను ముక్కలు ఇలా చేస్తా:

```
VEN
KAT
ESWAR
LU
```

మూడో ముక్క ఐదు అక్షరాలది, మూడు మూడు చొప్పున కొయ్యమని కొందరంటారు, నాకైతే పలికేటప్పుడు ఎక్కడ ఆగుతామో అక్కడ కొయ్యడమే ఇష్టం, అవతలి వాళ్ళకి కూడా రాసింది చదువుకుంటే అర్థమవుతుంది.

"పేరు వెంకటేశ్వర్లు, మొత్తం పదమూడు అక్షరాలు. ఒక్కో అక్షరం చెప్పి పక్కన గుర్తుకి పదం చెప్తా, అక్షరం మాత్రమే రాయండి. వి, విక్టర్. ఈ, ఎకో. ఎన్, నవంబర్." ఇక్కడ ఆగాలి. అవతల నుంచి "ఊఁ" వచ్చేదాకా నోరు మూసుకోవాలి. మీలో ఎక్కువమంది ఆగట్లేదు, గడగడా చదివేస్తున్నారు, వాళ్ళు రాసే స్పీడ్ మీ నోటి స్పీడ్ కాదు. ఊఁ వచ్చాక "కే, కిలో. ఏ, ఆల్ఫా. టి, ట్యాంగో." మళ్ళీ ఊఁ. "ఈ, ఎకో. ఎస్, సియెర్రా. డబ్ల్యూ, విస్కీ. ఏ, ఆల్ఫా. ఆర్, రోమియో." ఊఁ. "ఎల్, లిమా. యు, యూనిఫామ్. అయిపోయింది."

ఎస్ దగ్గర పదం మింగకండి. పాత పద్ధతి ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, ఎస్‌ని ఎస్‌లా వినిపించే ఆ బుస చాలావరకు దానికి పైనే ఉంటుంది, అందుకే ఉత్తి ఎస్, ఉత్తి ఎఫ్ ఫోన్‌లో కవలల్లా ఉంటాయి. సియెర్రా, ఫాక్స్‌ట్రాట్ అన్నప్పుడు మాత్రం ఎవరూ పొరబడరు.

తర్వాత చెకింగ్. "డబ్ల్యూనే రాశారు కదా?" అని అడిగితే "ఆఁ ఆఁ" అంటారు, ఏం రాసినా అదే అంటారు, అది మర్యాద, చెకింగ్ కాదు. "ఎస్ తర్వాత ఏం రాశారు?" అని అడగండి, జవాబు మీరు అందించకండి. వాళ్ళు "వి" అన్నారనుకోండి, వెంటనే "అయ్యో వి కాదు" అనబోతారు, ఆపుకోండి. "ఎస్ తర్వాత డబ్ల్యూ, విస్కీ. తర్వాత ఏ, ఆల్ఫా" అని ముందూ వెనకా అక్షరాలతో సహా చెప్పండి, ఎక్కడ దిద్దాలో వాళ్ళకే తెలుస్తుంది. చివర్లో "లాస్ట్ రెండూ చదవండి" అని కూడా అడగండి, పొడుగు పేర్లకి తోక దగ్గరే ఊహ మొదలవుతుంది, పేరు అర్థమైపోయాక మనిషి వినడం మానేసి తనకి తెలిసిన స్పెల్లింగ్ రాసేస్తాడు.

డబుల్ అక్షరాల సంగతి చాలామంది అడిగారు. అప్పారావులో రెండు పి లుంటే "డబుల్ పి" అనకుండా "పి, పాపా, మళ్ళీ పి, పాపా" అనండి. పక్కనున్నవాళ్ళు చిన్నపిల్లని పిలుస్తున్నారనుకుంటే అనుకోనివ్వండి. యు రెండుసార్లు వస్తే "డబుల్ యు" అంటే ఏమవుతుందో మీకే తెలుసు.

ప్రాక్టీస్ ఈసారి కష్టంగానే ఇస్తున్నా. తెలిసిన పేరు వద్దు, అవతలివాళ్ళు ఊహించి నెగ్గేస్తారు. కింద ఉన్నది ఎవరి పేరూ కాదు, పది అక్షరాలు, కావాలనే మొదటి నాలుగు జతలూ, ఎస్-ఎఫ్ కూడా కుక్కాను:

```
WOJAVUZYSF
```

లిస్ట్ తెలియని మనిషికి ఫోన్ చేసి, మీ పక్కన కుళాయి తిప్పి పెట్టుకుని చెప్పండి. కాదు, లేదు అన్న మాట వస్తే మొదట్నుంచి. వాళ్ళు రాసింది ఫోటో తీసి పంపమనండి, ఫోన్‌లో చదివితే నమ్మొద్దు. పదికి పది వచ్చేదాకా ఒకే మనిషితో చెయ్యకండి, రెండోసారికి వాళ్ళకి ఆ అక్షరాలు గుర్తుండిపోతాయి, ప్రతిసారీ కొత్త మనిషి కావాలి. ఎక్కడ ఏ అక్షరం బదులు ఏం పడిందో రాసుకోండి, ఇంటిపేరు పాఠం అది చూశాకే.