ఫేజర్లతో కూడేటప్పుడు కోణాన్ని సరిచూసుకోండి

ఒకే పౌనఃపున్యం గల రెండు సైన్ తరంగాలను కూడేటప్పుడు, ముందుగా రెండింటినీ కొసైన్ రూపంలోకి తెచ్చుకోవాలి. 8 cos(ωt + 120°), 3 sin ωt అనే రెండు వోల్టేజీలను కూడాలనుకుందాం. sin ωt అంటే cos(ωt − 90°) కాబట్టి రెండవ ఫేజర్ 3∠−90°, అంటే −j3 అవుతుంది. మొదటిది 8∠120°, అంటే −4 + j6.93. వాస్తవ భాగాలను, కల్పిత భాగాలను విడివిడిగా కూడితే −4 + j3.93 వస్తుంది, దాని పరిమాణం √(16 + 15.4), అంటే సుమారు 5.61. ఇంతవరకు పొరపాటుకు పెద్దగా తావు లేదు.

చిక్కంతా కోణం దగ్గరే వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో tan⁻¹(3.93/−4) నొక్కితే −44.5° చూపుతుంది, ఎందుకంటే భాగహారం చేయగానే రుణ గుర్తు లవానిదో హారానిదో దానికి తెలియకుండా పోతుంది. మన ఫేజర్‌కు వాస్తవ భాగం రుణాత్మకం, కల్పిత భాగం ధనాత్మకం కనుక అది రెండవ పాదంలో ఉంది. అందువల్ల 180° కలిపి 135.5° అని తీసుకోవాలి. మొత్తం 5.61 cos(ωt + 135.5°).

సరిచూడటానికి t = 0 వేయండి. అసలు వోల్టేజీల మొత్తం −4 + 0 = −4; 5.61 cos 135.5° కూడా −4 ఇస్తుంది, కానీ −44.5° వాడితే +4 వచ్చి తప్పు వెంటనే బయటపడుతుంది. క్యాలిక్యులేటర్‌లో ధ్రువ రూపంలోకి మార్చే Pol( ఫంక్షన్ ఉంటే పాదాన్ని అదే చూసుకుంటుంది. పౌనఃపున్యాలు వేరైతే మాత్రం ఈ పద్ధతి వర్తించదు, ఎందుకంటే ఫేజర్ల మధ్య కోణం కాలంతోపాటు మారుతూ పోతుంది.