బయట పిల్లలు పేచీ పెడితే ఏం చేయాలి? అప్పటికి ఆపేవి, నిజంగా పనిచేసేవి

మా చిన్నదానికి అప్పుడు రెండున్నరేళ్లు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్ దగ్గర లైన్లో ఉన్నాం. లోపల బొమ్మ దాచిన గుడ్డు చాక్లెట్లు సరిగ్గా దాని కళ్లకు అందే ఎత్తులో పేర్చి ఉన్నాయి. ఒకటి తీసింది. వద్దని తిరిగి పెట్టేశాను. అంతే, నేల మీద పడి కాళ్లు టపటపా కొడుతూ ఒకటే కేకలు. మా ముందు ముగ్గురు, వెనక ఐదుగురు. "పాపం, కొనివ్వమ్మా, ఏడుస్తోందిగా" అని వెనకనుంచి ఒక పెద్దావిడ. ఎనిమిది నిమిషాలు బిగబట్టుకుని నిలబడ్డాను. తొమ్మిదో నిమిషంలో చాక్లెట్ దాని చేతిలో పెట్టాను. ఏడుపు టక్కున ఆగిపోయింది.

చాక్లెట్ ఇవ్వడం పెద్ద తప్పేమీ కాదు. ఇవ్వదలుచుకుంటే అది అడిగిన మొదటి క్షణంలోనే ఇచ్చేయొచ్చు. తొమ్మిదో నిమిషంలో ఇవ్వడమే తప్పు. "వద్దు అన్నా సరే, ఇంతసేపు ఇంత గట్టిగా ఏడిస్తే ఇస్తారు" అని నేనే దానికి నేర్పించాను. తర్వాతి ఆదివారం అక్కడికి రాగానే మొదలుపెట్టింది, ఈసారి ఇంకా గట్టిగా.

పేచీ లోపల ఏం జరుగుతుంది

ఏడాది నిండినప్పటినుంచి నాలుగేళ్ల దాకా ఇలా మొండికేయడం మామూలే. కోరికను ఆపుకోవడానికి, కోపాన్ని అదుపు చేసుకోవడానికి పనికొచ్చే మెదడు ముందుభాగం ఆ వయసుకి ఇంకా సరిగా ఎదగదు. కోపాన్ని చెప్పుకోవడానికి మాటలూ చాలవు.

అమెరికాలో మైకేల్ పోటెగల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు చిన్నపిల్లల పేచీలను ఏళ్ల తరబడి గమనించారు. పిల్లల బట్టల్లో చిన్న మైకులు కుట్టి, వాళ్ల అరుపులను రికార్డు చేసి మరీ విన్నారు. పేచీలో కోపం, దుఃఖం రెండూ కలిసి ఉంటాయి. కేకలు పెట్టడం, తన్నడం, వస్తువులు విసరడం కోపం తాలూకు పనులు. అవి తొందరగా శిఖరానికి చేరి తొందరగానే తగ్గుతాయి. వెక్కివెక్కి ఏడవడం, ఎత్తుకోమనడం దుఃఖం. అది మొదటినుంచీ ఉంటుంది, కోపం తగ్గాక పైకి కనిపిస్తుంది. ఆయన 2003లో వేసిన లెక్క ప్రకారం నాలుగింట మూడు వంతుల పేచీలు 5 నిమిషాల్లోపే ముగిసిపోతాయి. చుట్టూ జనం చూస్తుంటే ఆ ఐదు నిమిషాలే అరగంటలా అనిపిస్తాయి.

కోపం పైకెక్కుతున్నప్పుడు మీరు ఏం చెప్పినా పిల్ల చెవికెక్కదు. చెప్పాల్సింది, ఓదార్చాల్సింది దుఃఖం వేళ.

ఇంట్లోంచి బయల్దేరే ముందు

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఆ ఆదివారం అది మధ్యాహ్నం నిద్రపోలేదు, నాలుగున్నర తర్వాత ఏమీ తినలేదు. చాక్లెట్ ఒక సాకు మాత్రమే. ఇప్పుడు అది నిద్ర లేచిన గంటలోపు, కాస్త పెరుగన్నమో అరటిపండో పెట్టాకే బయటికి తీసుకెళ్తున్నాను.

దుకాణం గుమ్మం దగ్గర ఆగి, దాని ఎత్తుకి కూర్చుని, రెండే మాటలు చెప్తాను: "ఇవాళ పప్పు, సబ్బు, టమాటాలు కొంటాం. చాక్లెట్ కొనం." లోపలికి వెళ్లాక చెప్తే అది మన మాటగా ఉండదు, అప్పటికప్పుడు దాని చేతిలోంచి లాక్కున్నట్టే ఉంటుంది. తర్వాత దానికో పని అప్పగిస్తాను. టమాటాలు ఒక్కొక్కటీ సంచిలో వేయాలి. సబ్బు ఆకుపచ్చదా, పసుపుదా అన్నది అదే తేల్చాలి. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఉంటే చేయి ఆ చాక్లెట్ల వైపు పోదు.

మొదలయ్యే ముందు ఒక్క నిమిషం ఉంటుంది

కనుబొమలు ముడుచుకుంటాయి, గొంతు సాగుతుంది, చేయి లాక్కుంటుంది. మాట మార్చడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. "అదిగో, ఆ తాత బండిలో ఎన్ని అరటిపళ్లున్నాయో చూద్దాం" అంటే వచ్చేస్తుంది. నేల మీద పడ్డాక అదే మాట అంటే ఇంకా రెచ్చిపోతుంది. చాలామంది "మాట మారిస్తే మా వాడు వినడండీ" అనేది ఆలస్యంగా మార్చినందువల్లే.

కేకలు మొదలయ్యాక

ముందు చోటు మార్చండి. బిల్లు ఆపమని కౌంటర్ అమ్మాయికి చెప్పి, బండి పక్కకి పెట్టి, పిల్లను ఎత్తుకుని ఓ పక్కకో, గుమ్మం బయటికో వెళ్లండి. ఎత్తుకునేటప్పుడు దాని వీపు మీ గుండెకి ఆనేలా, ముఖం బయటికి ఉండేలా పట్టుకోండి. ఎదురుగా ఎత్తుకుంటే తల వెనక్కి విసిరినా, కాళ్లు తన్నినా ఆపడం కష్టం. ఇలా పట్టుకున్నప్పుడు కూడా మీ గడ్డం కాస్త పక్కకి తిప్పి ఉంచండి.

తర్వాత కింద కూర్చుని ఊరుకోండి. "ఎందుకేడుస్తున్నావ్? చెప్పు, ఏం కావాలి? అందరూ చూస్తున్నారు!" అన్నీ ప్రశ్నలే, జవాబు చెప్పే స్థితిలో అది లేదు. ఒక్కొక్క ప్రశ్నకీ మళ్లీ ఒక కేక. ఒక్కసారి "నేనిక్కడే ఉన్నాను" అనండి, చాలు. తలకి దెబ్బ తగలకుండా చేయి అడ్డం పెట్టండి, ఎవరినైనా కొట్టబోతే చేయి పట్టుకుని ఆపండి. మిగతా టైమంతా మీ ఊపిరి నెమ్మదిగా వదులుతూ కూర్చోవడమే. పక్కవాళ్లు సలహా ఇస్తే "రెండు నిమిషాల్లో సర్దుకుంటుందండీ" అని ఒక్క మాట చెప్పి మళ్లీ పిల్లవైపు తిరగండి.

గొంతుని వింటూ ఉండండి. సన్నగా చెవులు చిల్లులుపడేలా ఉన్న కేక కిందికి దిగి వెక్కిళ్లలోకి మారుతుంది. బిగుసుకున్న ఒళ్లు మెత్తబడుతుంది. ఒకసారి మీ ముఖంలోకి చూస్తుంది. అప్పుడు చేతులు చాచండి. మా చిన్నది ఆ క్షణంలో ఎప్పుడూ నా కొంగు పట్టుకుని ముక్కు తుడుచుకుంటుంది. ఆ సైగ కోసమే చూస్తూ కూర్చుంటాను.

దగ్గరికి తీసుకుని జరిగింది దానికి తెలిసిన మాటల్లో చెప్పండి: "గుడ్డు కావాలనిపించింది. అమ్మ వద్దంది. కోపమొచ్చింది." నీళ్లు పట్టండి. ఉపన్యాసం వద్దు. ఆ తర్వాత వెనక్కి వెళ్లి, చాక్లెట్ లేకుండా, బిల్లు కట్టి రండి. "ఇంటికి పోదాం" అంటూ మొదలుపెట్టిన పేచీ అయితే కొనడం మధ్యలో వదిలేసి పరుగెత్తకండి, అడిగింది ఇచ్చినట్టే అవుతుంది. అయితే ఆకలి, నిద్ర, జ్వరం వల్ల ఏడుస్తుంటే మాత్రం సరుకులు అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోవాలి. అప్పుడు దానికి కావాల్సింది నిజంగా ఇంటికెళ్లడమే.

అప్పటికి మాత్రమే ఆపేవి

ఫోన్ అన్నిటికంటే వేగంగా ఆపుతుంది, అందుకే దాని గురించే ఎక్కువ చెప్పాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద 2022లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడుపు ఆపడానికి తరచూ ఫోన్, ట్యాబ్ ఇచ్చే ఇళ్లలో పిల్లలు తర్వాతి నెలల్లో ఇంకా తొందరగా రెచ్చిపోవడం కనిపించింది, ముఖ్యంగా మగపిల్లల్లో. కోపం తనంతట తాను దిగడం ఎలా ఉంటుందో వాళ్లకి అనుభవంలోకే రాదు. రెండేళ్లలోపు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకి గంట మించొద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెప్తోంది. రైల్లో పది గంటల ప్రయాణంలో ముందే అనుకుని, పిల్ల ప్రశాంతంగా ఉన్నప్పుడు కాసేపు పాటలు పెట్టడం వేరు. అరిచినందుకు ఫోన్ చేతికి రావడం వేరు.

"బూచాడికిచ్చేస్తా, పోలీసొస్తాడు, సూది వేయిస్తా" అంటే భయంతో నోరు మూస్తుంది, తర్వాత టీకాకి వెళ్లినప్పుడు ఆ సూది మాట మన మెడకే చుట్టుకుంటుంది. దెబ్బ కూడా అంతే. ఇక "నిన్నిక్కడే వదిలేసి పోతా" అన్న మాటను ఆ వయసు పిల్లలు నిజమనే నమ్ముతారు. అది దయచేసి అనకండి.

మొదటి రెండు మూడు సార్లు ఇంకా పెరుగుతుంది

ఇది ముందే తెలియక చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఎప్పుడూ దొరికేది ఆగిపోతే పిల్ల మొదట ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. మా ఇంట్లో రెండో ఆదివారం పన్నెండు నిమిషాలు, మూడోసారి పద్నాలుగు. నాలుగోసారి ఆరు. ఐదోసారి చాక్లెట్‌ని వేలితో చూపించి "ఇవాళ కొనం" అని అదే అంది.

మధ్యలో ఒక్కసారి ఇచ్చేస్తే కథ మళ్లీ మొదటికే. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం ప్రతిసారీ దొరికేదానికంటే అలవాటును గట్టిగా పాతుకుపోయేలా చేస్తుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎప్పుడో చూపించాడు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మా మామగారికి మనవరాలి కన్నీళ్లు చూస్తే మనసు నిలవదు. "మామయ్యగారూ, అది ఏడవకముందు మీకిష్టమైతే కొనివ్వండి, ఏడుపు మొదలయ్యాక మాత్రం వద్దు" అన్నాను. ఆ ఒక్క షరతూ ఆయన ఒప్పుకున్నారు.

డాక్టర్‌కి చూపించాల్సినవి

పేచీ మామూలుగానే పాతిక నిమిషాలు దాటిపోతున్నా, రోజుకి ఐదుసార్లకి మించి వస్తున్నా, పిల్లలు తమను తాము కొరుక్కుంటున్నా, తల బాదుకుంటున్నా, ఎంతసేపటికీ తమంతట తాము తేరుకోలేకపోతున్నా పిల్లల డాక్టర్ని కలవండి. రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనలేకపోతుంటే చెవులు, మాట కూడా పరీక్ష చేయించాలి.

కొందరు గుక్కపట్టి ఏడుస్తూ ఊపిరి బిగపట్టేసి నీలంగా మారతారు, క్షణాలపాటు స్పృహ తప్పుతారు. చూస్తే మన ప్రాణం పోయినంత పనవుతుంది, కానీ సాధారణంగా నిమిషంలోపే ఊపిరి దానంతటదే వస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, కుదపకండి. నిమిషం దాటినా తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి. మొదటిసారి ఇలా జరిగితే వెంటనే డాక్టర్‌కి చూపించాలి. వీళ్లలో చాలామందికి ఐరన్ తక్కువ ఉంటుంది, ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది, మందుతో ఈ గుక్కలు తగ్గే అవకాశం ఉంది. పక్కన ఇంకొకరు ఉంటే ఫోన్లో వీడియో తీయమనండి. అది మూర్ఛా, గుక్కా అన్నది తేల్చడానికి మీరు చెప్పే మాటల కంటే ఆ అర నిమిషం వీడియో డాక్టర్‌కి ఎక్కువ ఉపయోగపడుతుంది.