పాత రోలెక్స్ కొంటున్నారా? మూత తెరిపించి చూశాకే డబ్బు కట్టండి

పోయిన వారం ఒక పెద్దాయన నా దుకాణానికి వచ్చారు. శ్రావణంలో కూతురి పెళ్ళి. అల్లుడికి పెట్టడానికి సెకండ్‌హ్యాండ్‌లో రోలెక్స్ డేట్‌జస్ట్ కొన్నారు. 4,20,000 రూపాయలు. రెండు రోజుల ముందే బ్యాంకు నుంచి మొత్తం పంపించేశారు. నా దగ్గరికి వచ్చింది చైన్‌లో రెండు లింకులు తీయించుకోవడానికి మాత్రమే.

చైన్ విప్పగానే నాకు అనుమానం వచ్చింది. వెనక మూత తెరిచాక అనుమానం కూడా మిగల్లేదు, అది నకిలీదే. "బాక్సుందండీ, గ్యారంటీ కార్డుందండీ, కార్డు మీద నంబరు, వాచ్ మీద నంబరు ఒకటేనండీ" అని ఆయన అంటూనే ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఈ బల్ల ముందు కూర్చుని ఇదే మాట వింటున్నాను.

పెళ్ళిళ్ళ సీజన్ వస్తోంది కాబట్టి ఇది రాస్తున్నాను. స్పెల్లింగ్ తప్పులు చూడండి, మరీ చవకైతే నమ్మకండి లాంటివి మీకు తెలుసు. జనం మునిగిపోతున్నది అక్కడ కాదు. ముందు డబ్బు కట్టి, తర్వాత మూత తెరిపిస్తున్నారు. మునుగుతున్నది అక్కడ.

కాగితాలు వాచ్ గురించి ఏమీ చెప్పవు

రోలెక్స్ ఖాళీ బాక్సులు విడిగా అమ్ముతారు. నిజమైనవే అమ్ముతారు. కార్డులు కూడా విడిగా దొరుకుతాయి, లేదా అచ్చు వేస్తారు. నకిలీ చేసేవాడు కార్డు మీద ఏ నంబరుంటే అదే వాచ్ మీద చెక్కుతాడు. కాబట్టి రెండు నంబర్లు కలిశాయంటే, చెక్కినవాడు కార్డు చూసి చెక్కాడని కూడా అర్థం కావచ్చు.

పెద్దాయన తెచ్చిన వాచ్ 16233 మోడల్. స్టీలు, బంగారం కలిసిన చైన్. దాని నంబరు T అక్షరంతో మొదలైంది. అంటే 1996 ప్రాంతపు వాచ్ అయి ఉండాలి. ఆ రోజుల్లో రోలెక్స్ ఇచ్చింది కాగితం గ్యారంటీ. ప్లాస్టిక్ కార్డులు దాదాపు 2006 నుంచి వచ్చాయి. ఈయన చేతిలో ఉన్నది ప్లాస్టిక్ కార్డు. వాచ్ వయసుకీ కార్డు వయసుకీ పదేళ్ళ తేడా. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే బేరం అక్కడే ఆగిపోయేది.

షూల విషయంలోనూ ఇదే జరుగుతోంది. అమెరికాలో స్టాక్‌ఎక్స్ అనే పెద్ద కంపెనీ తాము పరీక్షించామని ట్యాగు కట్టి స్నీకర్లు అమ్మేది. వాటిలో 37 జతలు నకిలీవేనని, దానికి ఆ కంపెనీదే బాధ్యత అని 2025 మార్చిలో న్యూయార్క్ కోర్టు నైకీ వేసిన కేసులో తేల్చింది. అంత పెద్ద సంస్థ కట్టిన ట్యాగే అలా ఉంటే, ముక్కూమొహం తెలియనివాడు వాట్సాప్‌లో పంపిన కార్డు ఫోటోని ఏం నమ్ముతాం?

మూత తెరవకముందు చూడగలిగేవి

2000ల మధ్య వరకు వచ్చిన రోలెక్స్‌లలో సీరియల్ నంబరు 6 గంటల వైపు, చైన్ తగిలే కొమ్ముల మధ్య ఉంటుంది. మోడల్ నంబరు 12 గంటల వైపు. చైన్ విప్పితేనే కనిపిస్తాయి. తర్వాతి వాచీలలో సీరియల్ నంబరు అద్దం కింద, డయల్ చుట్టూ ఉన్న లోపలి రింగు మీద చెక్కి ఉంటుంది.

పాతవాటిలో అసలు నంబరు లోతుగా, అంచులు పదునుగా ఉంటుంది. కంటికి లూప్ అనే చిన్న భూతద్దం పెట్టుకుని వాచ్‌ను అటూ ఇటూ తిప్పితే గీతల లోపల వెలుగు మెరుస్తుంది. నకిలీది యాసిడ్‌తో తినిపించినట్టు, ఇసుక చల్లినట్టు చుక్కచుక్కలుగా కనిపిస్తుంది. పెద్దాయన వాచ్‌లో నేను మొదట చూసింది ఆ ఇసుకనే. అయితే అసలు వాచ్‌ను కూడా ముప్పై ఏళ్ళు చెమటలో తొడిగితే, కొమ్ముల మధ్య తుప్పు పట్టి నంబరు అరిగిపోవచ్చు. కాబట్టి ఇది అనుమానానికే పనికొస్తుంది, తీర్పుకి కాదు.

సెకన్ల ముల్లు జారినట్టు నడిస్తే అసలుదని చాలామంది అనుకుంటారు. ఇది పాత మాట. ఈ మోడల్‌లోని అసలు మెషిన్ గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 8 సార్లు. నకిలీల్లో పెట్టే ఆటోమేటిక్ మెషిన్లు చాలావరకు అదే వేగంతో కొట్టుకుంటాయి. ముల్లు టక్ టక్‌మని సెకనుకోసారి దూకితే మాత్రం ఈ 16233 మోడల్ నకిలీదే. జారినంత మాత్రాన అసలుదని కాదు. బరువు చూసి చెప్పడం, తేదీ మీది భూతద్దం చూసి చెప్పడం కూడా ఇంతే. ఇప్పుడు వస్తున్న ఫస్ట్ కాపీల్లో అవి రెండూ బాగానే కుదురుతున్నాయి.

మూత తెరిచాక

16233లో ఉండాల్సిన మెషిన్ పేరు 3135. లోపల ఊగే బ్యాలెన్స్ చక్రం చూడండి. 3135లో ఆ చక్రం మీదుగా వంతెనలాంటి పట్టీ అడ్డంగా వెళ్తుంది. దానికి రెండు వైపులా ఆధారం ఉంటుంది. నకిలీల్లో ఎక్కువగా పెట్టే మెషిన్లలో ఆ పట్టీ ఒక్క వైపే బిగించి ఉంటుంది, రెండో కొస గాలిలో ఉంటుంది. ఇది తెలిసినవాడికి రెండు సెకన్ల పని. పెద్దాయన వాచ్‌లో మెషిన్ మీద 3135 అని చెక్కి ఉంది, పట్టీ మాత్రం ఒక్క వైపే ఉంది.

దీనికీ హద్దు ఉంది. ఈ మధ్య 3135ని వంతెనతో సహా దింపేస్తున్నారు. అలాంటివి పట్టుకోవాలంటే ఫినిషింగ్, స్క్రూలు, చెక్కడాలు, చక్రం వేగం సరిచేసే చిన్న నట్లు చూడాలి. అది అసలు 3135లు విప్పి బిగించిన చెయ్యి అయితేనే చెప్పగలదు. మూలమీది వాచ్ రిపేర్ అబ్బాయి చాలా మంచివాడే కావచ్చు, కానీ రోలెక్స్ లోపల ఎప్పుడూ చూడకపోతే అతని మాట మీద 4 లక్షలు పెట్టకండి. ముందే అడగండి: "3135 ఎన్నిసార్లు సర్వీస్ చేశారు?"

అసలు బాడీలో వేరే మెషిన్, మార్చేసిన డయల్, బయట చేయించిన బంగారు రింగు పెట్టి అమ్మేవి కూడా ఉన్నాయి. అలాంటివి నకిలీ కాదంటారు, కానీ ఆ ధర చేయవు. అవి కూడా మూత తెరిస్తేనే బయటపడతాయి.

"తెరిస్తే వాటర్‌ప్రూఫ్ పోతుందండీ" అని అమ్మేవాడు అడ్డుపడతాడు. సరైన పనిముట్టుతో తెరిచి, రబ్బరు వాషర్ మార్చి, ప్రెషర్ టెస్ట్ చేస్తే ఏమీ పోదు. ఆ ఖర్చు నేను పెట్టుకుంటానని చెప్పండి. అప్పుడూ ఒప్పుకోకపోతే లేచి రండి. ఒక్క మినహాయింపు ఉంది. 2015 జూలై తర్వాత అమ్మిన కొత్త రోలెక్స్‌లకు 5 ఏళ్ళ గ్యారంటీ ఉంటుంది. గ్యారంటీ ఇంకా ఉన్న వాచ్‌ను బయట తెరిపిస్తే అది పోవచ్చు. అలాంటిదైతే ఇద్దరూ కలిసి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్ళండి. వాళ్ళు పూర్తిగా చూసి చెప్పేదాకా డబ్బు కట్టకండి.

అమ్మేవాళ్ళకి

మీరు అసలు వాచ్ అమ్ముతున్నా ప్రమాదం తక్కువేమీ కాదు. "మావాడికి చూపించి సాయంత్రం తెస్తాను" అంటే వాచ్ ఇవ్వకండి. నాకు తెలిసిన ఒకావిడ చనిపోయిన భర్త వాచ్‌ను అలా ఇచ్చి పంపారు. తిరిగొచ్చినప్పుడు బాడీ ఆవిడదే, మెషిన్ ఆవిడది కాదు. మూత మీ కళ్ళ ముందే తెరవాలి, మీ కళ్ళ ముందే మూయాలి. అమ్మాలనుకున్న రోజే మెషిన్ ఫోటో తీయించి పెట్టుకోండి. మెషిన్ మీద దానికంటూ విడిగా ఒక నంబరు ఉంటుంది, అది స్పష్టంగా కనిపించాలి.

డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలదు. మీ బ్యాంకు ఖాతాలో పడిందని మీరే చూసుకోండి. పంపినవాడి పేరు, మీ ఎదురుగా కూర్చున్నవాడి పేరు ఒకటేనా అన్నదీ చూడండి. వేరే ఖాతా నుంచి వస్తే అది ఎవరినో మోసం చేసి లాగిన సొమ్ము కావచ్చు. అలాంటిది పడితే పోలీసులు మీ ఖాతా ఆపేస్తారు. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకండి. చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు.

ఇక వరసగా చెప్పేస్తాను.

మూత తెరవకముందు డబ్బు కట్టకండి.

అడ్వాన్స్ కూడా కట్టకండి. "ఇంకొకాయన సాయంత్రం వస్తున్నారు" అంటే ఆయన్నే కొనుక్కోనివ్వండి.

వాచ్ తెరిచే దుకాణం మీరు ఎంచుకోండి. అమ్మేవాడు చెప్పిన దుకాణానికి వెళ్ళకండి.

హోటల్ లాబీలో, కారులో, మెట్రో స్టేషన్ బయట బేరం వద్దు. రిపేర్ బల్ల దగ్గరే.

ఫోటోలు చూసి అసలుదని చెప్పేవాడి మాట వినకండి. నేనైనా సరే. ఫోటోలో నకిలీదని చెప్పగలం, అసలుదని చెప్పలేం.

వీడియో కాల్‌లో మూత తెరిచి చూపించాడా? మీ చేతికి వచ్చేది ఆ వాచే అని ఏమిటి నమ్మకం?

దగ్గరి బంధువు అమ్ముతున్నా మూత తెరిపించండి. ఆయన కూడా మోసపోయి ఉండొచ్చు.

నంబరు, తేదీ, మొత్తం, ఇద్దరి పేర్లు, అమ్మేవాడి గుర్తింపు కార్డు కాపీతో రసీదు రాయించుకోండి. ఎవరో దొంగిలించిన వాచ్ అని తేలితే మీకు మిగిలే ఆధారం అదొక్కటే.

తెరిచి మూసిన వాచ్ మీ చేతికి వచ్చేదాకా దాని మీంచి కళ్ళు తీయకండి. టీ తాగి రావడానికి కూడా లేవకండి.

మళ్ళీ చెబుతున్నాను: మూత తెరవకముందు డబ్బు కట్టకండి.

కట్టేశాక తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. అవతలివాడి ఖాతాలోంచి డబ్బు బయటికి వెళ్ళకముందే చేస్తేనే ఆపడానికి వీలుంటుంది. పెద్దాయన నా దగ్గరికి రావడానికే రెండు రోజులు పట్టింది.

అమ్మినవాడితో గొడవ పడేముందు చాట్‌లన్నీ దాచుకోండి. అతను మెసేజీలు తుడిచేస్తాడు.

నష్టం పూడ్చుకోవడానికి ఆ వాచ్‌ను ఇంకొకరికి అమ్మకండి. నకిలీదని తెలిసి అమ్మితే 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు ఉంది. వాచ్‌ను, బాక్సును, కార్డును ఎలా ఉన్నవి అలాగే ఒక కవర్లో పెట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళండి.